వాణిజ్యవాదం చెప్పడానికి బీరువా పోలిక సరిపోతుందా?

హన్మకొండ లెక్చరర్: ఒకప్పుడు యూరప్ రాజ్యాలు నమ్మిన వాణిజ్యవాదాన్ని డిగ్రీ ఫస్టియర్ పిల్లలకు 'ఎక్కువ అమ్ము, తక్కువ కొను, వచ్చిన బంగారం బీరువాలో పెట్టు' అని ఇంటి పోలికతో చెప్తున్నాను. ఇది తప్పుదారి పట్టిస్తుందని మా సీనియర్ సార్ అంటున్నారు. మీరేమంటారు?

జమ్మికుంట గ్రూప్స్ అభ్యర్థి: సరిపోతుంది మేడం. అప్పటి రాజులు వెండి, బంగారం బయటికి పోనివ్వలేదు, అంతే కదా. నాకు పరీక్షలో గుర్తొచ్చింది ఆ బీరువానే.

పరకాల రైతు: అంటే వ్యాపారుల రాజ్యమే కదా? మొన్న మిర్చి తీసుకపోతే తేమ ఉందని క్వింటాలుకు ధర కోసేశారు. పిల్లలను ఒక్కరోజు మార్కెట్‌కు తీసుకురండి, అర్థమైతది.

వరంగల్ రిటైర్డ్ టీచర్: అన్నా, మీకు జరిగింది అన్యాయమే. కానీ పేరులో వాణిజ్యం ఉన్నా, ఇక్కడ లాభం లెక్క చూసేది రాజ్యం.

తమ్ముడూ, నువ్వు చెప్పింది సగమే నిజం. ఈస్టిండియా కంపెనీ ఓడలు ఇండియాకు వెండి మోసుకొనే వచ్చేవి. ఆ కంపెనీ డైరెక్టర్ థామస్ మన్ దాన్ని విత్తనాలతో పోల్చాడు. రైతు గింజలు చల్లేటప్పుడు మాత్రమే చూస్తే పిచ్చివాడనుకుంటాం, కోతలప్పుడు చూడాలి అన్నాడు.

మేడం, మా ఇంటి బీరువా నిండినంత మాత్రాన ఊళ్లో బియ్యం ధర మారదు. దేశంలో మారుతుంది. అందుకే నేను అంగడి కథ చెప్పేవాణ్ని. మన ఊరు మిర్చి అమ్ముతుంది, పక్క ఊరు బట్ట నేస్తుంది. పక్క ఊరి బట్ట కొనొద్దని మన పెద్దలు తీర్మానం చేశారు. మొదటి ఏడు వాళ్ల డబ్బంతా మన ఊరికి చేరింది. వాణిజ్యవాదం చూసేది ఇంతవరకే. కానీ మన ఊళ్లో పొలం అంతే, కూలీలు అంతే మంది, చేతిలో డబ్బు మాత్రం ఎక్కువ. దాంతో కూలి పెరిగింది, మిర్చి ధరా పెరిగింది. డబ్బు పోయిన పక్క ఊళ్లో ధరలు పడిపోయాయి. మూడో ఏడు మన మిర్చి కొనేవాళ్లు లేరు. మనవాళ్లే చాటుగా వాళ్ల చవక బట్ట తెచ్చుకున్నారు. పోయిన డబ్బు మళ్లీ ఆ ఊరికే చేరింది. 1752లో స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ చేసిన వాదన ఇదే.

ఆ తీర్మానం ఇంగ్లండ్ నిజంగానే చేసింది. ఇండియా అద్దకం బట్టలు దేశంలో వాడకూడదని 1700లో చట్టం తెచ్చారు. అప్పుడు తెల్ల బట్ట తెప్పించుకుని అక్కడే అద్దడం పెరిగింది. దాన్నీ ఆపడానికి 1721లో ఇంకో చట్టం చేయాల్సొచ్చింది.

జమ్మికుంట గ్రూప్స్ అభ్యర్థి: ఇంత కథ పరీక్షలో రాసే టైం ఉండదు సార్. నేను బీరువానే రాస్తా.

హన్మకొండ లెక్చరర్: ఈ రోజు క్లాసులో అంగడి కథ చెప్పాను సార్. ఒకమ్మాయి లేచి, "వచ్చిన డబ్బుతో ఊరు చెరువు తవ్వుకుంటే మిర్చి కూడా పెరుగుతుంది కదా, ధర ఎందుకు పెరగాలి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

వరంగల్ రిటైర్డ్ టీచర్: మంచి ప్రశ్న. డబ్బు రావడానికీ ధరలు పెరగడానికీ మధ్య కొంత కాలం పనులు పుంజుకుంటాయని హ్యూమే ఒప్పుకున్నాడు. ఆ లోపల చెరువు పూర్తవుతుందా అన్నది రేపు ఆ అమ్మాయినే లెక్క వేయమనండి.