ట్రస్టుకు పన్ను లేకపోతే, ఇచ్చినవాళ్లకూ తగ్గినట్టేనా?

కావలి బీకాం: నాన్నది నెల్లూరులో బియ్యం వ్యాపారం. 2026 జనవరిలో ఒక అనాథాశ్రమం ట్రస్టుకు బ్యాంకు ద్వారా లక్ష ఇచ్చారు. ఆ ట్రస్టుకు పన్ను లేదట, రసీదు కూడా ఉంది. లక్షా పన్నులోంచి తగ్గించుకోవచ్చా? మొత్తం ఆదాయం 9,50,000, 80సి కింద లక్షన్నర ఉంది.

చీమకుర్తి: లక్ష కాదు, అందులో సగం. 50 వేలు తగ్గుతుంది. రసీదు భద్రంగా పెట్టుకోండి, అంతే.

ఒంగోలు ఆడిటర్: సగం అన్నమాట ఒక్కటే నిజం. ముందు ఆ ట్రస్టు దగ్గర ఏ కాగితం ఉందో చూడమ్మా. 12ఏబీ రిజిస్ట్రేషన్ ట్రస్టు కోసం. వచ్చిన డబ్బులో కనీసం 85 శాతం సేవకే ఖర్చుపెడితే దాని ఆదాయానికి పన్ను ఉండదు. దాతకు పనికొచ్చేది 80జి ఆమోదం, అది వేరే. మొదటిది ఉండి రెండోది లేని ట్రస్టులు ఉన్నాయి. ఆమోదానికి గడువు కూడా ఉంటుంది. తాత్కాలికమైతే 3 ఏళ్లు, తర్వాత 5 ఏళ్లకోసారి. డబ్బు ఇచ్చిన రోజుకి అది నడుస్తూ ఉండాలి.

రెండూ ఉన్నాయనుకుందాం. 9,50,000లో 80సి తీసేస్తే 8,00,000. అందులో 10 శాతం, అంటే 80,000 వరకే లెక్కలోకి వస్తుంది. మిగతా 20,000 పోయినట్టే. ఈ 80,000లో సగం 40,000. అదీ పన్నులోంచి కాదు, ఆదాయంలోంచి తగ్గేది. 20 శాతం శ్లాబు, పైన 4 శాతం సెస్సు వేసుకుంటే చేతికి మిగిలేది 8,320 రూపాయలు. లక్ష ఇస్తే దక్కేది ఇంత.

ఆత్మకూరు: మా ఊరి రామాలయానికి 2 లక్షలు ఇచ్చాం. దానికీ ఇంతేనా?

ఒంగోలు ఆడిటర్: కేంద్రం నోటిఫై చేసిన గుడి అయితే జీర్ణోద్ధరణకు ఇచ్చిన దానికి వస్తుంది. మామూలు ఊరి గుడికి రాదు.

చీమకుర్తి: ఆ 10 శాతం సంగతి ఒప్పుకుంటున్నా. రసీదు మీద 80జి నంబరు అచ్చేసి ఉన్నాక దాత ఇంకేం చూడాలి?

ఒంగోలు ఆడిటర్: 10బీఈ సర్టిఫికెట్ చూడాలి. ట్రస్టు ఏడాదిలో వచ్చిన విరాళాలన్నీ ఫారం 10బీడీలో మే 31 లోపు ఎక్కిస్తుంది. అందులో మీ పాన్ ఉంటేనే సర్టిఫికెట్ పుడుతుంది. రిటర్నులో దాని మీది నంబరు వేయాలి. చట్టం ప్రకారం ట్రస్టు ఇచ్చిన ఆ వివరాలను బట్టే మీకు తగ్గింపు. రసీదు ఒక్కదానితో పని కాదు.

చీమకుర్తి: అదే నా బాధ! నేను 40 వేలు చెక్కు ఇచ్చా. వాళ్లు పాన్‌లో ఒక అక్షరం తప్పు ఎక్కించారు. తగ్గింపు కొట్టేశారు. తప్పు వాళ్లది, పన్ను నాకా?

ఉదయగిరి ట్రస్టు లెక్కలు: అన్నా, దాతలు ఫోనులో చెప్పిన పాన్‌లో "బి" అన్నారో "డి" అన్నారో ఎవరికి తెలుసు? మాలాంటి చిన్న చోట లెక్కలు చూసేది ఒక్కరే. ఆలస్యమైతే రోజుకు 200 ఫీజు మేమే కట్టాలి. చెక్కు వెనక పాన్ రాసివ్వమంటే సగం మంది విసుక్కుంటారు.

చీమకుర్తి: నేను రాసిచ్చాను! రాసిచ్చినా పట్టించుకోలేదు.

ఒంగోలు ఆడిటర్: మీరిద్దరూ పాన్ గురించి కొట్లాడుతున్నారు గానీ, మీ అసలు తగాదా వేరు. ట్రస్టు పొరపాటును దాత మోయాలా అన్నది. ఇప్పుడున్న పద్ధతి దాత మీదే వేసింది. దొంగ రసీదుల్ని ఆపాలంటే ఇది తప్పదని నా అభిప్రాయం. ట్రస్టు 10బీడీని సరిదిద్ది కొత్త సర్టిఫికెట్ ఇవ్వగలదు, కాబట్టి జూన్ మొదట్లోనే పాన్, మొత్తం, తేదీ సరిచూసుకుని అడగాలి. జులైలో రిటర్ను వేస్తూ చూస్తే ఆలస్యమైపోతుంది.

చీమకుర్తి: నేను ఒప్పుకోను. బ్యాంకులో పడ్డ డబ్బుకు బ్యాంకే సాక్షి.

ఉదయగిరి ట్రస్టు లెక్కలు: ఆ మాట మాత్రం నిజం. 2,000 దాటిన నగదుకు తగ్గింపు లేదని బ్యాంకు దారి పట్టించింది చట్టమే కదా. అయినా బ్యాంకు చీటీ చాలదంటే ఎలా?

కావలి బీకాం: 10బీఈ అడుగుతాను సార్. ఇంకోటి, నాన్న కొత్త పన్ను విధానంలో ఉన్నారు. దానికేమైనా తేడా ఉందా?

ఒంగోలు ఆడిటర్: ఇది ముందే చెప్పాల్సింది! కొత్త విధానంలో 80జి లేనే లేదు. 2025-26కి మామూలు ఆదాయం 12 లక్షల వరకు అక్కడ పన్నూ లేదు. పాత విధానంలో విరాళం చూపించాక కూడా సెస్సుతో 67,080 కట్టాలి. విరాళం కోసం అటు వెళ్లొద్దు. వ్యాపారం ఉన్నవాళ్లు అటు వెళ్లాలంటే ఫారం 10-ఐఈఏ గడువులోపే వేయాలి. మళ్లీ ఇటు తిరిగొస్తే తర్వాత అటు వెళ్లడం కుదరదు.

చీమకుర్తి: ఆయన సంగతి తేలింది. నా 40 వేల సంగతి తేలలేదు.