నీలం రంగు 5 గంటలు నిలిచినా పాలు చేదెక్కుతున్నాయి: ఈ పరీక్షతో ధర కట్టవచ్చా?

పాలసీసా: షాద్‌నగర్ వైపు రైతుల దగ్గర గేదె పాలు సేకరించి, బల్క్ కూలర్‌లో చల్లబరిచి, మర్నాడు మెహదీపట్నంలో సీసాల్లో ఇస్తాను. పచ్చి పాలే, కాచుకోవాల్సింది వాళ్లే. మిథిలీన్ బ్లూ పరీక్షలో 5 గంటలు దాటినా నీలం పోవడం లేదు. అయినా ఫ్రిజ్‌లో పెట్టిన మూడో రోజుకు చేదుగా ఉన్నాయంటున్నారు. ఈ పరీక్షను నమ్మి రైతులకు ధర కట్టవచ్చా?

కొలపాత్ర: నిస్సందేహంగా కట్టవచ్చు. 5 గంటలు, ఆపైన నిలిస్తే చాలా మంచి పాలు, అరగంటలోపే రంగు పోతే నాసిరకం. మన దేశంలో పచ్చి పాలకు వేసే గ్రేడు ఇదే. మీ పాలలో బ్యాక్టీరియా లేనట్టే, తప్పు వాళ్ల ఫ్రిజ్‌లది. ఇంకా అనుమానముంటే ఆల్కహాల్ పరీక్ష చేయండి. 5 మి.లీ. పాలకు 68 శాతం ఆల్కహాల్ 5 మి.లీ. కలిపినప్పుడు పలుకులు కట్టకపోతే ఇక చూడాల్సింది ఏమీ లేదు.

అత్తాపూర్ ఇల్లాలు: మా ఇంటికి వచ్చే పాలు నిన్న పొయ్యి మీద పెట్టగానే విరిగాయి. సోడా కలుపుతున్నారేమో. ఈ నీలం పరీక్షలో అది బయటపడుతుందా?

నీలిగొట్టం: అమ్మా, మీది వేరే సమస్య. మీ పాలు పుల్లబడినందుకే విరిగి ఉంటాయి. సోడా కలిపితే ఆ పులుపు అణగి, విరగకుండా కాగుతాయి. అయితే సోడాతో బ్యాక్టీరియా ఎక్కడికీ పోదు కాబట్టి నీలం మాత్రం త్వరగానే పోతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన పాలది దీనికి తిరగబడిన వ్యవహారం. అందులో నీలం కదలకుండా నిలుస్తుంది, చూసినవాళ్లు మురిసిపోతారు.

కొలపాత్ర గారూ, గ్రేడు గంటలు సరిగానే చెప్పారు. "బ్యాక్టీరియా లేనట్టే" అనడం దగ్గరే తేడా వచ్చింది. ఈ పరీక్షలో బ్యాక్టీరియాను లెక్కపెట్టడం లేదు. అవి పాలలోని ఆక్సిజన్‌ను వాడేసుకున్నాక రంగు పోతుంది, దానికి ఎంత సేపు పట్టిందో చూస్తున్నాం. అదీ 37 డిగ్రీల నీటిలో. కూలర్‌లో 4, 5 డిగ్రీల దగ్గర ఒక రాత్రికి పైగా ఉన్న పాలలో పెరిగేవి చలికి అలవాటు పడ్డ సూడోమోనాస్ వంటి రకాలు. 37 డిగ్రీల్లో వాటికి చురుకుదనం ఉండదు. గొట్టం నీలంగా ఉంటుంది, ఫ్రిజ్‌లో అవి తమ పని తాము చేసుకుంటాయి. ప్రోటీన్‌ను ముక్కలు చేస్తే చేదు వస్తుంది. ఆమ్లం పెద్దగా పుట్టదు కాబట్టి ఆల్కహాల్ పరీక్షకూ చిక్కదు.

పాలసీసా గారూ, ఒకే నమూనాను రెండుగా చేయండి. ఒక భాగాన్ని ఇప్పుడే పరీక్షించండి. రెండోదాన్ని శుభ్రమైన సీసాలో 13 డిగ్రీల దగ్గర 18 గంటలు ఉంచి అప్పుడు పరీక్షించండి. రెండింటికీ 10 మి.లీ. పాలు, 1 మి.లీ. రంగు ద్రావణం, మరిగించిన గొట్టం, మరిగించిన బిరడా. గొట్టాన్ని ఒకసారి తలకిందులు చేసి 37 డిగ్రీల నీటిలో పెట్టి, అరగంటకోసారి చూసి మళ్లీ తిప్పండి. తిప్పకపోతే వెన్నతో పాటు బ్యాక్టీరియా పైకి చేరుతుంది. మూత పెట్టి చీకటిలో ఉంచండి, వెలుతురుకే రంగు పోవచ్చు. పక్కనే కాచిన పాలలో రంగు కలిపిన గొట్టం ఒకటి ఉంటే పోల్చడానికి పనికొస్తుంది. పైన 5 మి.మీ. దాకా నీలం మిగిలినా రంగు పోయినట్టే లెక్క.

ఇప్పటి గొట్టం 5 గంటలు నిలిచి, 18 గంటల తర్వాతిది గంటన్నరకే తెల్లబడిందనుకోండి. అప్పుడు చూడాల్సింది కూలర్ లోపలి గోడలు, వాల్వు, పైపుల అతుకులు, సీసాల కడుగుడు. రెండూ బాగా నిలిస్తే ఫ్రిజ్‌ల మాట నేనూ ఒప్పుకుంటాను.

క్యాన్ల లెక్క: చదవడానికి బాగుంది. తెల్లవారుజామున రైతులు వరుసలో నిలబడితే 18 గంటలు ఎవరు ఆగుతారు? కేంద్రంలో ఆల్కహాల్ పరీక్ష తప్ప మరొకటి కుదరదు. తీసుకోవాలా వద్దా అని అక్కడికక్కడే తేల్చాలి.

నీలిగొట్టం: తీసుకోవడానికి ఆల్కహాల్ పరీక్షే, కాదనను. నీలం పరీక్ష పది, పదిహేను రోజులకోసారి గ్రేడు వేయడానికి.

చేవెళ్ల గేదెలు: ఆ ఆల్కహాల్ పరీక్ష మీదా నాకు అభ్యంతరం ఉంది. వట్టిపోవడానికి దగ్గరైన గేదె పాలు అప్పుడే పితికినవైనా పలుకులు కడతాయి. నా పాలు అలాగే వెనక్కి పంపారు. ఇప్పుడు కూలర్ కడగని తప్పుకు కూడా నాకే కోత పెడతారా? కూలర్‌లోని పాలను పరీక్షించి రైతుకు ధర కట్టడం ఏ న్యాయం?

కొలపాత్ర: రైతు క్యాను తోమకపోయినా ఆ చలి బ్యాక్టీరియా వస్తుంది కదా. కూలర్ ఒక్కదాని మీదికే నెట్టేస్తే ఎలా?

పాలసీసా: కూలర్ నాదే, రాత్రుళ్లు కరెంటు పోతుంటుంది కూడా. ముందు ప్రతి రైతు క్యాను నుంచి, కూలర్ నుంచి, నింపిన సీసా నుంచి విడివిడిగా నమూనాలు తీసి, మీరు చెప్పిన రెండు గొట్టాలూ పెడతాను. అప్పటిదాకా ఎవరి ధరా తగ్గించను. 13 డిగ్రీలు ఇంట్లో ఎలా నిలపాలి? ఫ్రిజ్ మరీ చల్లగా ఉంటుంది, గది మరీ వెచ్చగా ఉంటుంది.

నీలిగొట్టం: ఐస్ పెట్టెలో నీళ్లు పోసి థర్మామీటర్ వేలాడదీసి, ఐస్ కొద్దికొద్దిగా వేస్తూ ఉండాలి. రాత్రి ఒకటి రెండుసార్లు లేవక తప్పదు.