పెళ్లికి 6 వారాలు, పలుచని జుట్టు: మినాక్సిడిల్ ఇప్పుడే మొదలుపెట్టాలా, ఆగాలా?

కాబోయే పెళ్లికూతురు:
పెళ్లికి ఇంకా 6 వారాలే ఉంది. పాపిట వెడల్పైనట్టుంది, దువ్వితే దువ్వెన నిండా జుట్టే. ఫ్రెండ్ మినాక్సిడిల్ ఈరోజే మొదలుపెట్టమంటోంది. అక్క మాత్రం పెళ్లయ్యేదాకా మందుల జోలికి వెళ్లొద్దంటోంది. ఎవరి మాట వినాలి?

సూటిమాట:
ఫ్రెండ్ మాటే వినండి. జుట్టు మొలిపిస్తుందని రుజువైన మందులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా లేవు, అందులో ఇదొకటి. ఆలస్యం చేసిన ప్రతి నెలా నష్టమే. నూనెలు, ప్యాక్‌లు అన్నీ టైమ్ వేస్ట్.

దువ్వెన:
పెళ్లికూతుళ్లకు జుట్టు అలంకరించడం నా పని, చాలా ఏళ్లుగా. మందు పనిచేయదని నేననను. కానీ మొదలుపెట్టాక 2 నుంచి 8 వారాల మధ్య కొందరికి రాలడం ముందు పెరుగుతుంది. కంటికి కనిపించే ఫలితం రావాలంటే 4 నుంచి 6 నెలలు పడుతుంది. అంటే రాలితే పెళ్లికి ముందు రాలుతుంది, మొలిస్తే పెళ్లయ్యాక మొలుస్తుంది. తేదీ ఇంత దగ్గరగా ఉంటే నేనైతే ఆగమంటాను.

అంతకంటే ముందు ఒక పని చేయండి. ఒకరోజు రాలిన వాటిలో 30 వెంట్రుకలు తీసి తెల్ల బట్ట మీద పరచండి. చివరలు సరిగ్గా కనపడకపోతే వేళ్లతో తడిమి చూడండి. ఒక చివర చిన్న ఉండలా తగిలితే అది కుదురు నుంచి ఊడింది. ఉండ లేకుండా, పొట్టిగా ఉంటే అది మధ్యలో తెగింది. ఈ రెండూ వేరు వేరు సమస్యలు. ఇంకో మాట, 3 నెలల కింద జ్వరం గానీ, ఆపరేషన్ గానీ, గట్టి డైటింగ్ గానీ ఏమైనా జరిగిందా?

చిన్నమ్మ:
అమ్మాయీ, నాకూ బాబు పుట్టాక ఇలాగే గుప్పెళ్లు గుప్పెళ్లుగా రాలింది. రోజూ రాత్రి నూనె వేడి చేసి మాడుకు గట్టిగా రుద్ది పడుకునేదాన్ని. ఏడాది తిరిగేసరికి మళ్లీ ఒత్తుగా వచ్చేసింది. మందులెందుకు, టెన్షన్ పడకు.

దువ్వెన:
చిన్నమ్మగారూ, కాన్పు తర్వాత రాలేది చాలామందికి ఏడాదిలోపు దానంతటదే సర్దుకుంటుంది. మీరు నూనె పెట్టకపోయినా వచ్చేదేమో! గట్టిగా రుద్దడం మాత్రం ఈ అమ్మాయికి వద్దు, బలహీనంగా ఉన్నవి ఇంకా తెగుతాయి.

కాబోయే పెళ్లికూతురు:
లెక్కపెట్టాను. 30లో 11కి ఉండ ఉంది, 19 పొట్టి ముక్కలు. మీరు అడిగాక గుర్తొచ్చింది, పెళ్లి బట్టల కోసం డైటింగ్ చేసి 2 నెలల్లో 7 కిలోలు తగ్గాను. అది మొదలుపెట్టి 4 నెలలైంది. ఇంకా ఒప్పుకోవాల్సింది ఏంటంటే, తడి తలనే దువ్వుతాను, రోజూ స్ట్రెయిట్‌నర్ వాడతాను.

దువ్వెన:
అయితే మీకు రెండు సమస్యలు కలిసి వచ్చాయి. ఒంటికి తిండి చాలనప్పుడు చాలా వెంట్రుకలు ఒకేసారి ఎదగడం ఆపేస్తాయి, 2, 3 నెలలకు ఊడతాయి. మీ 11 బహుశా అవే. డైటింగ్ ఆపి సరిగ్గా తినండి, డాక్టర్ని అడిగి హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్, థైరాయిడ్ చూపించుకోండి. ఇది 6 వారాల్లో తేలే పని కాదు. జుట్టు నెలకు దాదాపు 1 సెంటీమీటరే పెరుగుతుంది.

మీ చేతిలో ఉన్నది ఆ 19. స్ట్రెయిట్‌నర్ తీసి బీరువాలో పెట్టేయండి. తలస్నానం రోజు మార్చి రోజు చేయండి. సన్నని జుట్టు జిడ్డు పట్టిందంటే పాయలు పాయలుగా అంటుకుని మాడు కనిపిస్తుంది, పాపిట ఉన్నదానికన్నా వెడల్పుగా అనిపిస్తుంది. షాంపూ మాడుకే, కండిషనర్ చెవుల కింది నుంచి చివరలకే, అదీ కొంచెం. టవల్‌తో రుద్దకుండా మెత్తటి నూలు బట్టతో అద్దండి. బాగా ఆరాకే వెడల్పు పళ్ల దువ్వెనతో చివరల నుంచి మొదలుపెట్టి పైకి వెళ్తూ చిక్కు తీయండి.

ల్యాబ్‌మేట్:
ల్యాబ్‌లో పనిచేస్తాను కాబట్టి ఒక్క మాట. జుట్టు కోసమని బయోటిన్ మాత్రలు మింగుతుంటే ఆ సంగతి రక్తం ఇచ్చే ముందే డాక్టర్‌కీ ల్యాబ్‌కీ చెప్పండి. పెద్ద డోసు వాడే వాళ్లకు థైరాయిడ్ రిపోర్ట్ తప్పుగా రావచ్చు. ఎన్ని రోజులు ముందు ఆపాలో వాళ్లే చెబుతారు.

సూటిమాట:
అంతా బాగుంది గానీ పాపిట మాటేంటి? డైటింగ్ వల్ల రాలితే తలంతా సమానంగా పలుచబడాలి. పాపిట దగ్గరే వెడల్పవుతోందంటే వంశపారంపర్యం కావచ్చు, దానికి మినాక్సిడిలే. పైగా మొదట్లో రాలేవి ఎలాగూ రాలాల్సినవే, కొత్తవాటికి చోటిస్తాయి.

దువ్వెన:
ఆ పాయింట్ ఒప్పుకుంటాను. వాళ్లమ్మగారికీ అలాగే ఉంటే అనుమానించాల్సిందే, అది చర్మ డాక్టర్ చూసి చెప్పాలి. కానీ రాలాల్సినవే అయినా ఫొటోల్లో లేనివి లేనివే కదండీ! 6 వారాలు ఆగితే పెద్దగా పోయేదీ లేదు.

మౌనిక:
ఇంకొకటి ఎవరూ అనలేదు. పెళ్లయ్యాక త్వరగా పిల్లలు కావాలనుకుంటే మినాక్సిడిల్ వాడొద్దంటారు. మొదలుపెట్టి మధ్యలో ఆపితే దానివల్ల వచ్చిన జుట్టు కొన్ని నెలల్లో పోతుంది. నాకు అదే జరిగింది.

కాబోయే పెళ్లికూతురు (3 వారాల తర్వాత):
భయంగా ఉంది. మళ్లీ 30 పరిచాను. ఈసారి ఉండ ఉన్నవి 23! పెరిగాయి కదా? ఇంకో గొడవ, చిన్నమ్మగారి మాట విని పెళ్లి జుట్టు అలంకరణ ట్రయల్‌కు ముందు రాత్రి నూనె పెట్టుకున్నాను. రెండుసార్లు కడిగినా పిన్నులు జారిపోయాయి. క్లిప్‌లతో సవరం పెడితే నడినెత్తి మీద లాగి నొప్పి పుట్టింది.

దువ్వెన:
మీరు తీసినవి రెండుసార్లూ 30 కదా, తెగినవి తగ్గితే ఊడినవి ఎక్కువ కనిపిస్తాయి. మొత్తం ఎన్ని రాలుతున్నాయో చూడండి. రోజుకు 50 నుంచి 100 వరకు మామూలే. తలస్నానం రోజు అంతకుముందు రోజువీ కలిసి వస్తాయి, వాటిని చూసి బెంబేలెత్తకండి.

నూనె కావాలంటే తలస్నానానికి గంట ముందు చివరలకు కొంచెం రాయండి, చిక్కులు తగ్గుతాయి. పెళ్లికి ముందు రోజు తలస్నానం చేయండి, అదే రోజు వద్దు, అప్పుడే కడిగిన సన్నని జుట్టులో పిన్ను నిలవదు. సవరం క్లిప్‌లు నడినెత్తిన కాదు, చెవుల ఎత్తుకు కింద, జుట్టు దట్టంగా ఉన్న చోట పెట్టమనండి. నొప్పి పుడితే వెంటనే తీసి పెట్టించుకోండి, రాత్రికి తీసేయండి. జిగురుతో అంటించేవి అసలొద్దు. పాపిట నిటారుగా కాకుండా వంకరగా తీస్తే మాడు అంతగా కనపడదు.

చిన్నమ్మ:
నేను చెప్పింది పెళ్లయ్యాక పెట్టుకోమనమ్మా.

కాబోయే పెళ్లికూతురు (పెళ్లయ్యాక):
పెళ్లయిపోయింది! పాపిట వంకరగా తీశారు, సవరం ఒక్కసారి కూడా లాగలేదు. పొట్టి ముక్కలు బాగా తగ్గాయి. ఫెరిటిన్ తక్కువ ఉందని డాక్టర్ ఐరన్ రాశారు. మినాక్సిడిల్ సంగతి 3 నెలలాగి చూద్దామన్నారు. పాపిట మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

సూటిమాట:
ఆ పాపిటను నెలకోసారి ఒకే చోట నిలబడి, ఒకే వెలుతురులో ఫొటో తీసి పెట్టుకోండి. 3 నెలలకూ మారకపోతే ఇక్కడికే రండి, దువ్వెనగారితో మళ్లీ వాదిస్తాను.