అప్‌డేట్: పింఛను పొదుపుతో పిండి మర, ఎంత పెట్టవచ్చో తేలింది

నా ప్రశ్న: “పదవీ విరమణ సొమ్ము 30 లక్షలుంది. విశాఖ ఎంవీపీ కాలనీలో పిండి మర పెట్టాలని ఉంది. ఇందులో ఎంతవరకు పెట్టడం క్షేమం?”

సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ముందు పింఛనుకూ ఇంటి ఖర్చుకూ మధ్య లోటు లెక్కవేయమన్న సూచనతోనే దారి దొరికింది. మాకు నెలకు ఖర్చు 45 వేలు, పింఛను 32 వేలు. ఆ 13 వేల లోటు పూడేలా 20 లక్షలను సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 8.2 శాతం వడ్డీకి ఉంచాము. మూడు నెలలకోసారి 41 వేలు వస్తుంది. వైద్యానికి 6 లక్షలు విడిగా డిపాజిట్ చేయగా, మిగిలిన 4 లక్షలే వ్యాపారానికి హద్దయింది.

మేము సంప్రదించిన చార్టర్డ్ అకౌంటెంట్ అంతకన్నా ముఖ్యమైన విషయం చెప్పారు. సొంత పేరున నడిపే వ్యాపారంలో అప్పు తీరకపోతే యజమాని సొంత ఆస్తి కూడా బాధ్యత వహించాలి కనుక, రుణం తీసుకుంటే ఆ హద్దు కాగితం మీదే మిగులుతుంది. అందుచేత రుణం వద్దనుకుని, వాడిన మర కొని, ఆరు నెలల అద్దెనూ కరెంటు బిల్లులనూ ఆ 4 లక్షల్లోనే పక్కన ఉంచాము. మర అమ్మితే కొంతైనా తిరిగి వస్తుంది, దుకాణం గోడలకూ వైరింగుకూ పెట్టింది రాదు; కాబట్టి ఖర్చు అక్కడే తగ్గించాము.

జీఎస్టీ గురించిన చర్చ మాకు అవసరం కాలేదు. మా రాబడి రిజిస్ట్రేషన్ పరిమితికి చాలా దిగువన ఉంది. పక్కన ఉంచిన సొమ్ము అయిపోయేనాటికి మర తన ఖర్చు తాను రాబట్టుకోకపోతే, స్కీమ్ డబ్బు ముట్టకుండా మూసివేయాలని నేనూ నా భార్యా ముందే నిర్ణయించుకున్నాము.