అబ్‌స్ట్రాక్ట్‌లో ఒక్కో వాక్యం ఒక్కో సెక్షన్: టాక్ ఔట్‌లైన్ ఇలా చేయొచ్చా?

తొలిమైకు: నా అబ్‌స్ట్రాక్ట్ కాన్ఫరెన్స్‌కి సెలెక్ట్ అయింది. 25 నిమిషాల స్లాట్, చివరి 5 ప్రశ్నలకి. అందులో ఉన్నవి ఐదే వాక్యాలు: డేటా పెరిగేకొద్దీ మా సైట్‌లో సెర్చ్ నెమ్మదించింది. కాష్ పెట్టినా లాభం లేకపోయింది. కారణం వెతికి, ఇండెక్స్ మార్చి, లైవ్‌లో పెట్టాం. సెర్చ్ బాగా వేగం పుంజుకుంది. కానీ కొత్త డేటా రాయడం బరువెక్కింది. ఒక్కో వాక్యాన్ని ఒక్కో సెక్షన్ చేస్తే సరిపోదా?

గడియారం: సరిపోతుంది. 20 నిమిషాలు, ఐదు సెక్షన్లు, తలా నాలుగు. వరుస కూడా ఎలాగూ కుదిరే ఉంది, ఇంకేం కావాలి?

వెనకబెంచీ: వరుస వరకు ఒప్పుకుంటాను, తలా నాలుగు దగ్గరే తేడా కొడుతుంది. మూడో వాక్యంలో క్రియలు చూడండి: వెతికి, మార్చి, పెట్టాం. అబ్‌స్ట్రాక్ట్‌కి పదాల పరిమితి ఉంటుంది కాబట్టి అసలు పనంతా ఒక్క వాక్యంలో కుక్కేస్తాం, అందరికీ తెలిసిన సమస్యకేమో తీరిగ్గా రెండు వాక్యాలిస్తాం. దాన్నే ఔట్‌లైన్ చేస్తే సెర్చ్ నెమ్మదిగా ఉందని చెప్పడానికే ఎనిమిది నిమిషాలు పోతాయి, వినడానికి వచ్చిన విషయానికి నాలుగే మిగులుతాయి. ఇంతకీ కారణం ఏమిటండీ? `LIKE '%పదం%'` లాంటిదేనా?

తొలిమైకు: అదేనండి, PostgreSQL. `EXPLAIN ANALYZE` వేస్తే Seq Scan కనబడింది. మామూలు బీ-ట్రీ ఇండెక్స్ తీసి pg_trgm తో GIN ఇండెక్స్ పెట్టాం.

వెనకబెంచీ: అయితే మూడో వాక్యాన్ని రెండుగా చీల్చండి. మొదటి ముక్కలో ఆ Seq Scan ఉన్న ప్లాన్‌నే తెర మీద పెట్టి, ఇండెక్స్ ఉన్నా టేబుల్ మొత్తం ఎందుకు చదువుతోందో అడగండి. బీ-ట్రీ మొదటి అక్షరం నుంచి వరుసలో ఉంటుంది, ముందు % ఉంటే ఎక్కడ మొదలెట్టాలో దానికి తెలియదు. రెండో ముక్కలో ఒక్క పదాన్ని తీసుకుని మూడేసి అక్షరాల ముక్కలుగా విడగొట్టి చూపించండి, GIN సంగతి అక్కడే అర్థమైపోతుంది. మూడో క్రియ, లైవ్‌లో పెట్టడం, అందులో చెప్పదగ్గ గొడవేమీ జరగకపోతే ఒక్క మాటలో దాటేయండి.

నిద్రమత్తు: అసలు అబ్‌స్ట్రాక్ట్ వాక్యాల్ని స్లైడ్ మీద పెట్టి చదవడం అంత ఘోరం ఇంకోటి లేదు. దయచేసి ఆ పని చేయకండి.

తొలిమైకు: స్లైడ్ల సంగతి కాదండి, ఇంకా ఔట్‌లైన్ దగ్గరే ఉన్నాను.

పాతచరిత్ర: నాది చరిత్ర సబ్జెక్టు, మీ ఇండెక్సులు నాకు తెలియవు. మా దగ్గర అబ్‌స్ట్రాక్ట్‌లన్నీ "ఇది కొత్త పరిశోధనకు దారి చూపుతుంది" అని ముగుస్తాయి. నేను అధ్యక్షత వహించిన ఒక సెషన్‌లో ఒకాయన ఆ వాక్యాన్ని కూడా సెక్షన్ చేసుకొచ్చి, చెప్పడానికేమీ లేక అదే మాటను అటు తిప్పి ఇటు తిప్పి చెప్పారు, ఆయన తెచ్చిన శాసనం ఫొటోకి మాత్రం టైమ్ చాల్లేదు. అందుకే ప్రతి వాక్యం కింద ఏం చూపిస్తారో రాసుకోమంటాను: పత్రమో, పటమో, ఏదో ఒకటి. దాని కింద రాయడానికి ఇంకో వాక్యమే వస్తోందంటే అది సెక్షన్ కాదు.

ఒప్పందం: అందరూ కోసేయమంటున్నారు గానీ, జనం అబ్‌స్ట్రాక్ట్ చదివే ఆ గదిలోకి వస్తారు, అది మనం ఇచ్చిన మాట. ముఖ్యంగా ఐదో వాక్యం చూసి వచ్చినవాళ్ళు ఉంటారు. టైమ్ చాలకపోతే ముందు ఎగిరిపోయేది చివరి సెక్షనే కదా!

వెనకబెంచీ: నిజమే, పైగా ఈ టాక్‌లో బరువైన వాక్యం అదే. ఒక్క వరుస చేరినా GIN లో బోలెడు ముక్కలు చేరాలి, అందుకే రాతలు నెమ్మదిస్తాయి. ఇంకోటి, రెండక్షరాల ముక్క వెతికితే దాన్నుంచి మూడక్షరాల తునక రాదు, ఇండెక్స్ పెద్దగా పనికిరాదు. ఇది మీ అబ్‌స్ట్రాక్ట్‌లో లేనే లేదు, ప్రశ్నల్లో మాత్రం తప్పకుండా వస్తుంది.

తొలిమైకు: అయితే ఇలా: సమస్య, కాష్ కలిపి 3 నిమిషాలు, ప్లాన్ 5, ఇండెక్స్ 5, ఫలితం గ్రాఫ్ 2, ఖర్చూ పరిమితులూ 4. ఒక నిమిషం చేతిలో ఉంటుంది.

గడియారం: నిమిషాల సంగతి ఒప్పుకున్నా. కానీ ఆ గ్రాఫ్‌ని మొదటే చూపించొచ్చుగా? వేగం ఎంత పెరిగిందో తెలిస్తేనే ప్లాన్ చూసే ఓపిక ఉంటుంది.

వెనకబెంచీ: అప్పుడు Seq Scan ఎందుకొచ్చిందన్న ప్రశ్నలో పస పోతుంది, సమాధానం దొరికిందని ముందే తెలిసిపోతుంది కదా. నేనైతే పెట్టను.

ఒప్పందం: వేగం పెరిగిందని అబ్‌స్ట్రాక్ట్‌లోనే చెప్పేశారు, ఇంకా దాచేదేముంది? నా ఓటు గడియారం గారికే.