చర్చ: PDCA చక్రం బొమ్మలో నాలుగో మాట ఏం రాయాలి?

అల్లూరు నుంచి: రొయ్యల చెరువు గట్టు మీది షెడ్డులో అతికించడానికి చార్టు గీస్తున్నా. మేత లెక్క, చల్లడం, చెక్ ట్రే చూడడం, మళ్లీ లెక్క. చుట్టూ బాణాలు పెట్టి, PDCAలోని plan, do, check, act మాటలకు "ప్రణాళిక, అమలు, తనిఖీ, చర్య" అని రాస్తే మావాళ్లు "అమలుకీ చర్యకీ తేడా ఏందన్నా?" అంటున్నారు.

ఒంగోలు మాస్టారు: అడిగింది న్యాయమే. అక్కడ act అంటే చూసినదాన్ని బట్టి మార్చుకోవడం. దాన్ని "చర్య" అంటే రెండో గడినే మళ్లీ రాసినట్టుంది. "సరిదిద్దు" అనండి. నాలుగూ క్రియలే పెట్టండి: లెక్కెయ్యి, చల్లు, చూడు, సరిదిద్దు. "తనిఖీ" వద్దు, ఆఫీసరు జీపు దిగినట్టుంటుంది.

కావలి అక్క: సరిదిద్దడం తప్పున్నప్పుడే కదా మాస్టారూ? ట్రేలో మేత మిగిలితే తగ్గిస్తారు, సరే. అన్నీ కుదిరిన రోజు అదే కొలత ఖాయం చేసుకోవడం కూడా ఆ నాలుగో గడి పనే. "సరిదిద్దు" సగమే చెప్తుంది.

కందుకూరు నుంచి: మూడు బాణాలు ఒకదాన్నొకటి తరుముకుంటూ ఉండే ఆకుపచ్చ గుర్తే కదా? డౌన్‌లోడ్ చేసుకుంటే పోయె.

ఒంగోలు మాస్టారు: అది రీసైక్లింగ్ గుర్తు నాయనా. ఇక్కడ నాలుగు గడులు, నాలుగు బాణాలు. అక్క మాట నిజమే, కానీ "ఖాయం చేయి" ఒక్కటే రాసినా అదీ సగమే అవుతుంది.

అల్లూరు నుంచి: మాట సరే, బొమ్మ ఎట్టా గీసినా బాణాలు గడుల మీదికెక్కుతున్నాయి.

నెల్లూరు, డ్రాయింగ్: 12 సెంటీమీటర్ల వ్యాసార్థంతో పెద్ద వృత్తం పెన్సిల్‌తో పల్చగా గీయండి. గడియారంలో 12, 3, 6, 9 ఉండే చోట్ల 4 సెంటీమీటర్ల వ్యాసార్థంతో చిన్న వృత్తాలు. ఒక గడి నడుమ నుంచి పక్క గడి నడుమకు 90 డిగ్రీలు. చిన్న వృత్తం అటు 19, ఇటు 19 డిగ్రీల దాకా తినేస్తుంది. అందుకని అటూ ఇటూ 25 వదిలేసి మధ్య 40 డిగ్రీలే బాణంగా దిద్దండి, సుమారు సెంటీమీటరు సందు మిగులుతుంది. చతురస్రపు గడులు పెట్టకండి, మూలలు సందును మింగేస్తాయి. బాణం ములుకు కూడా వంపు వెంటే తిరగాలి. నిటారుగా పెడితే బయటికి పొడుచుకొచ్చినట్టుంటుంది.

కావలి అక్క: మాటల్ని వంపు వెంట రాయొద్దు, ఒత్తులు గీతకు తగులుతాయి. గడిలో అడ్డంగానే రాయండి. ప్రదక్షిణంగా తిప్పండి, పైగడిలో 1 వేయండి. చాలామంది నాలుగో బాణం మర్చిపోతారు, అప్పుడది చక్రం కాదు, వంకర వరస.

అల్లూరు నుంచి: చక్రమా, వలయమా?

ఒంగోలు మాస్టారు: వలయం ఆకారం, చక్రం తిరిగేది. "విషవలయం" కూడా తిరిగేదే కదా అంటారేమో, దానికి నా దగ్గర జవాబు లేదు.

కావలి అక్క: నాలుగో గడిలో "మార్చు, లేదా ఖాయం చెయ్యి" అని రెండు వరుసలు పట్టించండి. 8 సెంటీమీటర్ల గడిలో పడుతుంది.

ఒంగోలు మాస్టారు: పడుతుంది గానీ, మిగతా మూడూ ఒక్కో మాటే కదమ్మా, తూకం పోతుంది.