ట్యాంకు లెక్క: కీలో 53 గంటలు, నాకు 60 వస్తా ఉంది

బాలాజీ కాలనీ హాస్టల్: అందరికీ నమస్తే. నిన్న ప్రాక్టీస్ టెస్ట్‌లో వచ్చిన లెక్క ఇది. ఏ, బీ, సీ అని మూడు పైపులు, ఏ ఒక్కటే తిప్పితే ట్యాంకు 12 గంటల్లో నిండుతుంది, బీ అయితే 15 గంటలు, సీ నిండు ట్యాంకును 10 గంటల్లో ఖాళీ చేస్తుంది. ఖాళీ ట్యాంకుకి మొదట ఏ ఒక గంట, అది కట్టేసి బీ ఒక గంట, తర్వాత సీ ఒక గంట, మళ్ళీ ఏ, ఇట్లా తిప్పుతా పోతే ఎప్పుడు నిండుతుంది అని. క.సా.గు 60, మూడు గంటలకు 5+4-6 అంటే 3 భాగాలు, కాబట్టి 20 చుట్లు, 60 గంటలు. కీలో 53 ఉంది. కీ తప్పా?

పలమనేరు తమ్ముడు: కీ తప్పే అక్కా, నీది కూడా తప్పే 😀 చివరి చుట్టులో సీ దాకా పోవాల్సిన పని లేదు కదా. 19 చుట్లకి 57 భాగాలు అయిపోతాయి, ఇంక 3 కావాలి, ఏ గంటకి 5 పోస్తుంది కాబట్టి 36 నిమిషాలు చాలు. 57 గంటల 36 నిమిషాలు.

కొర్లగుంట మోటార్ మెకానిక్: మూడూ ఒకేసారి తిప్పితే ఎంత? మా వీధిలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఇదే గొడవ, మున్సిపల్ నీళ్ళు ఒక పైపు, బోరు ఒక పైపు, కింద ఒక వాల్వ్ సరిగ్గా మూసుకోదు, ఎంతసేపు మోటార్ వేసినా ట్యాంకు సగం పైన కొంచెం ఎక్కి ఆగిపోతా ఉంది.

చిత్తూరు లెక్కల సారు: అమ్మా, భాగాలు పక్కన పెట్టి ట్యాంకు 6000 లీటర్లు అనుకో, కంటికి కనపడుతుంది. ఏ గంటకి 500 పోస్తుంది, బీ 400, సీ 600 తీసేస్తుంది. తమ్ముడు చివర్లో సీ అవసరం లేదన్నాడు, బాగుంది, కానీ ఆ చివర ఎక్కడొస్తుందో చూసుకోలేదు. చుట్టు అయిపోయాక ఎంత మిగిలిందని కాదు చూడాల్సింది, చుట్టు మధ్యలో నీళ్ళు ఎంత ఎత్తుకు పోయాయని చూడాలి. ఒక్కో చుట్టులో సీ తిప్పే ముందు 900 ఎక్కుతుంది. అంటే చుట్టు మొదలయ్యేటప్పటికి 5100 ఉంటే చాలు, ఆ చుట్టులోనే నిండిపోతుంది. చుట్టుకి 300 చొప్పున 5100 కావాలంటే 17 చుట్లు, 51 గంటలు. తర్వాత ఏ గంటకి 5600, బీ గంటకి సరిగ్గా 6000. మొత్తం 53. అంతకు ముందు చుట్టు కూడా చూడు, 4800 తో మొదలై 5700 దాకా పోయి ఆగి, సీ వల్ల 5100కి దిగుతుంది. నువ్వు 60 అన్నావే, అప్పటిదాకా ట్యాంకు ఎన్నిసార్లు పొర్లి పోయుంటుందో.

బాలాజీ కాలనీ హాస్టల్: అయ్యో అంతేనా సార్! అంటే 60 లోంచి 9 తీసేసి 3తో భాగించాలి. భాగం సరిగ్గా పోకుంటే?

చిత్తూరు లెక్కల సారు: పైకి పూర్తి చుట్టుకి పట్టు, తర్వాత ఒక్కో గంటా చేత్తో వేసుకో. ఏ గంటలోనే నిండిపోవచ్చు, బీ గంట మధ్యలో నిండొచ్చు.

మెకానిక్‌కి: మూడూ తిప్పి వదిలేస్తే గంటకి 300 మిగులుతుంది, 20 గంటలు. అది పరీక్ష పేపర్లో. నిజం ట్యాంకులో కింది పైపు ధార నీటి మట్టాన్ని బట్టి మారుతుంది, మట్టం నాలుగో వంతుకి పడితే ధార సగానికి పడుతుంది. నిండుగా ఉన్నప్పుడు జోరు, అడుగుకొచ్చేసరికి నీరసం. పక్కలు నిటారుగా ఉన్న ట్యాంకు 10 గంటల్లో ఖాళీ అయ్యిందంటే నిండుగా ఉన్నప్పుడు గంటకి 600 కాదు, 1200 పోతుంది. పైనుంచి వచ్చేది 900. కాబట్టి ఎత్తులో 16 వంతుల్లో 9 వంతుల దగ్గర రాకా పోకా సమానమై ఆగుతుంది, ఇంక ఎక్కదు.

కొర్లగుంట మోటార్ మెకానిక్: అదే సార్, సరిగ్గా ఆడే ఆగతాది! వాచ్‌మెన్‌తో మోటార్ వీక్ అయ్యిందని చెప్పి రిపేరుకు తీయించినాం.

చిత్తూరు లెక్కల సారు: మీ ట్యాంకు అదే కారణంతో ఆగిందని చూడకుండా నేను చెప్పలేను. ఆ వాల్వ్‌కి డమ్మీ కొట్టి ఒకసారి నింపి చూడు, అప్పుడు ఎక్కితే దోషం మోటారుది కాదు.

పలమనేరు తమ్ముడు: సార్ ఒక డౌట్. వరస మార్చి ఏ, సీ, బీ అని ఇస్తే? మొదటి గంటకి 500 ఉంటుంది, సీ 600 తీయాలి, లేని 100 ఎక్కడినుంచి తెస్తుంది?

చిత్తూరు లెక్కల సారు: మంచి మెలిక. ట్యాంకు ఖాళీ అయ్యాక సీ ఊరికే ఉంటుంది, కాబట్టి మొదటి చుట్టు చివర 300 కాదు, 400. అట్లా వేస్తే 55వ గంట చివర నిండుతుంది.

పలమనేరు తమ్ముడు: కానీ సార్, ఆ 100 పట్టించుకోకుండా ఊరికే 500-600+400 అని చుట్టుకి 300 వేస్తే నా పాత 57 గంటల 36 నిమిషాలే వస్తుంది. ఆప్షన్స్‌లో రెండూ ఇస్తే ఏది పెట్టాలి?

బాలాజీ కాలనీ హాస్టల్: నేనైతే 55 పెడతా.

చిత్తూరు లెక్కల సారు: నేనూ 55 అనే అంటా. పేపరు సెట్ చేసినవాడు ఆ 100 గమనించాడో లేదో మాత్రం నేను గ్యారంటీ ఇవ్వను.